సున్నా వచ్చిన ఘనపరిమాణం

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతుండగా ఒక అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. "సార్, మూడుసార్లు చేశాను. మూడుసార్లూ సున్నానే వచ్చింది" అంది.

లెక్క ఇది. కింద z = √(x² + y²) అనే శంకువు, పైన x² + y² + z² = 36 అనే గోళం. శంకువు లోపల, గోళం లోపల చిక్కుకున్న భాగం ఘనపరిమాణం ఎంత? కోన్ ఐస్‌క్రీమ్ అంచు దాటి గుండ్రంగా పొంగి ఉంటుందే, అదే ఆ ఆకారం. కొలతలు సెంటీమీటర్లలో అనుకుందాం. గోళం వ్యాసార్ధం 6. శంకువు నిట్టనిలువు అక్షం నుంచి 45 డిగ్రీల వాలులో విచ్చుకుంటుంది.

ఆమె స్తూపాకార నిరూపకాలు ఎంచుకుంది. అక్షం నుంచి దూరం r, చుట్టూ తిరిగే కోణం θ, ఎత్తు z. ఈ నిరూపకాల్లో శంకువు సమీకరణం z = r గా, గోళం z = √(36 − r²) గా మారిపోతాయి. ఆమె రాసిన ట్రిపుల్ ఇంటిగ్రల్ ఇలా ఉంది:

V = ∫₀^(2π) ∫₀^6 ∫ᵣ^√(36 − r²) r dz dr dθ

చాలామంది మరిచిపోయే ఆ r ను ఈ అమ్మాయి మరిచిపోలేదు. z మీద సమాకలనం చేస్తే r√(36 − r²) − r² మిగులుతుంది. 0 నుంచి 6 వరకు మొదటి పదానికి 72, రెండో పదానికి కూడా 72 వస్తాయి. తీసివేస్తే సున్నా. గుణకారంలో గానీ సమాకలనంలో గానీ ఒక్క తప్పు లేదు.

తప్పు ఆ 6 దగ్గర ఉంది. గోళం వ్యాసార్ధం 6 కాబట్టి r కూడా 6 దాకా వెళుతుందని ఆమె అనుకుంది. కానీ శంకువూ గోళమూ కలిసేది r = √(36 − r²) అయినప్పుడు, అంటే 2r² = 36, r = 3√2. సుమారు 4.24 సెంటీమీటర్లు. ఐస్‌క్రీమ్ కోన్ అంచు వలయం అదే. మన ఆకారం ఆ వలయం దాటి పక్కకు పోదు. వలయం దాటాక శంకువు గోళం కన్నా ఎత్తులోకి వెళ్లిపోతుంది. అప్పుడు పై అవధి కింది అవధి కన్నా చిన్నదవుతుంది, ఇంటిగ్రల్ రుణాత్మకంగా మారుతుంది. గోళం బయట, శంకువు కింద ఉన్న భాగాన్ని లెక్క మౌనంగా తీసివేస్తూ పోతుంది.

సరే, తీసివేస్తే తగ్గాలి. కచ్చితంగా సున్నా ఎందుకు కావాలి? ఆమెను నేను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఈ ప్రశ్న దగ్గరే. మొదటి 72 ను 2π తో గుణిస్తే వచ్చేది అర్ధగోళం ఘనపరిమాణం. రెండో 72 కూడా అలాగే ఒక ఘనపరిమాణమే: 6 వ్యాసార్ధం, 6 ఎత్తు ఉన్న స్తూపంలోంచి అంతే కొలతల శంకువును తీసేస్తే మిగిలేది. ఆ రెండూ సమానమన్నది ఆర్కిమిడీస్ ఫలితం. స్తూపంలో సరిగ్గా ఇమిడిన గోళం ఆ స్తూపంలో మూడింట రెండు వంతులు ఉంటుందని ఆయన నిరూపించాడు. సిసిలీలో ముళ్లపొదలు కప్పేసిన ఆయన సమాధిని క్రీ.పూ. 75లో సిసిరో గుర్తుపట్టింది కూడా దాని మీద చెక్కిన గోళం, స్తూపాల బొమ్మను చూసే. ఆ అమ్మాయి తప్పు అవధితో ఆర్కిమిడీస్ సిద్ధాంతాన్నే రుజువు చేసుకుని వచ్చింది.

అవధి 3√2 గా మార్చితే ఇంటిగ్రల్ విలువ 144π(1 − 1/√2) అవుతుంది. సుమారు 132.5 ఘన సెంటీమీటర్లు.

ఇదే లెక్కను గోళీయ నిరూపకాల్లో చేస్తే కలిసే వలయాన్ని వెతకాల్సిన పనే ఉండదు. కేంద్రం నుంచి దూరం ρ, నిట్టనిలువు అక్షం నుంచి వాలు φ, చుట్టూ తిరిగే కోణం θ. గోళం అంటే ρ = 6. శంకువు అంటే φ = π/4. రెండు ఉపరితలాలూ ఒక్కొక్క స్థిర సంఖ్య అయిపోయాయి. అవధులన్నీ సంఖ్యలే:

V = ∫₀^(2π) ∫₀^(π/4) ∫₀^6 ρ² sin φ dρ dφ dθ

మూడూ విడివిడిగా చేసి గుణించవచ్చు: 2π, (1 − 1/√2), 72. జవాబు పైన వచ్చిందే. (భౌతికశాస్త్రం పుస్తకాల్లో θ, φ అక్షరాలు తారుమారై ఉంటాయి. పుస్తకం మారినప్పుడు ఏది అక్షం నుంచి కొలిచే కోణమో ముందు చూసుకోవాలి.)

ఇక్కడ జారిపోయేది sin φ. దాన్ని బట్టీ పడితే మరిచిపోతారు, గ్లోబు చూస్తే మరిచిపోరు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు భూమధ్యరేఖ మీద సుమారు 111 కిలోమీటర్లు, హైదరాబాద్ దగ్గర సుమారు 106, ధ్రువం వద్ద సున్నా. ఆ తగ్గుదలే sin φ. కాబట్టి చిన్న ముక్కకు ఒక అంచు dρ, రెండోది ρ dφ, మూడోది ρ sin φ dθ. ఈ మూడింటి లబ్ధమే ఘనపరిమాణం. ρ² మరిచిపోతే జవాబు ఘన సెంటీమీటర్లలో రాదు, వెంటనే పట్టుబడుతుంది. sin φ మరిచిపోతే ప్రమాణాలు సరిగ్గానే ఉంటాయి, అంకె మాత్రం 355 దాటుతుంది. అర్ధగోళం మొత్తం 452 అని గుర్తుంటే, సన్నని కోన్‌కు అంత రాదని తెలిసిపోతుంది.

ఈ ఇంటిగ్రల్ చేస్తున్న పని మన దేశంలో పాతదే. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణిలో గోళం ఘనపరిమాణాన్ని వివరించినప్పుడు, గోళాన్ని సూదిమొనల్లాంటి ముక్కలుగా ఊహించాడు. ప్రతి ముక్క మొన కేంద్రంలో, అడుగు గోళం పైభాగంలో ఉంటుంది. ఒక్కో ముక్క ఘనపరిమాణం అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి మూడుతో భాగిస్తే వస్తుంది. అన్నీ కలిపితే ఉపరితల వైశాల్యాన్ని వ్యాసార్ధంతో గుణించి మూడుతో భాగించినట్టు. మన ఐస్‌క్రీమ్ ముక్కకూ అదే వర్తిస్తుంది. పైన కనిపించే గుండ్రని టోపీ వైశాల్యం 72π(1 − 1/√2). దాన్ని 6తో గుణించి 3తో భాగిస్తే 144π(1 − 1/√2).

గోళీయ నిరూపకాలు ఇంత తేలిక కావడానికి కారణం, శంకువు మొన, గోళం కేంద్రం ఒకే చోట ఉండటం. కేంద్రం పైకి జరిగితే పద్ధతి కొంచెం మారుతుంది. గోళం x² + y² + z² = z అయితే అది మొన గుండా పోతుంది, వ్యాసార్ధం 1/2. ఇప్పుడు ρ స్థిరం కాదు, cos φ. పై అవధిలో ఆ cos φ రాస్తే V = π/8. సరిచూసుకోవడం సులువే: పైన అర్ధగోళం π/12, కింద శంకువు π/24, కలిపితే π/8. ఇంతకన్నా అస్తవ్యస్తంగా కేంద్రం ఉంటే నేనైతే స్తూపాకార నిరూపకాలకే వెళతాను.

ఆ అమ్మాయి 6 కొట్టేసి 3√2 రాసుకుంది. ఈ లెక్క చేసేవాళ్లు ఇంటిగ్రల్ రాయకముందే ఒక నిలువు కోత బొమ్మ గీయండి. రెండు గీతలు కలిసే చోటు అక్షానికి ఎంత దూరమో దాని పక్కనే రాసి పెట్టుకోండి.