గ్లాసు బోర్లించే ముందు ఆగాలి

లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860-61 క్రిస్మస్ సెలవుల్లో మైకేల్ ఫారడే పిల్లలకు ఆరు ఉపన్యాసాలిచ్చాడు. ఆరింటికీ వస్తువు ఒక్క కొవ్వొత్తే. ఆ కొవ్వొత్తితోనే నేటి బడిపిల్లలకు ప్రయోగం వీడియో తీయాలంటే స్క్రిప్టు ఎలా రాయాలో చూద్దాం.

పళ్ళెంలో రంగు కలిపిన నీళ్ళు పోసి, మధ్యలో పొట్టి కొవ్వొత్తి నిలబెట్టి వెలిగిస్తాం. దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. 'ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్ళొచ్చాయి' అని చాలామంది చెప్పేస్తారు. అది తప్పు. ఆ తప్పు పిల్లల కంటికే దొరికేలా చేయడం స్క్రిప్టు పని.

అందుకే గ్లాసు చేతిలో ఉండగానే మొదటి విరామం రావాలి. 'నీళ్ళు ఎక్కుతాయా?' అని అడిగితే అవుననో కాదనో అనేసి ఊరుకుంటారు. 'ఎప్పుడు ఎక్కుతాయి, మంట వెలుగుతుండగానా, ఆరాకా?' అని అడగాలి. వీడియో ఆపి, జవాబు నోట్సులో రాయమనాలి. రాసిన జవాబును తర్వాత మార్చుకోవడం కష్టం.

జాగ్రత్తలన్నీ మొదట్లోనే చదివేస్తే ఎవరూ వినరు. ఏ పనికి ముందు ఆ జాగ్రత్త చెప్పాలి. అగ్గిపుల్ల తీసే ముందు: పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, జుట్టు ముడేసుకోవాలి, చున్నీ వెనక్కి కట్టుకోవాలి, తడిగుడ్డ అందుబాటులో ఉంచాలి. గ్లాసు బోర్లించే ముందు: మంటకూ గ్లాసు అడుగుకూ మధ్య బాగా ఎడం ఉండాలి, లేకుంటే గాజు పగలొచ్చు. ఆరాక కాసేపటిదాకా గ్లాసు ముట్టుకోకూడదు.

గ్లాసు దించడం మొదలైనప్పటి నుంచి కెమెరా కదలకూడదు. ఇక్కడ కట్ చేస్తే ప్రయోగమే పోతుంది. గ్లాసు దించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు వస్తాయా? మంట ఉన్నంతసేపూ నీళ్ళు ఎంత ఎక్కాయి? ఆరిన క్షణం నుంచి ఎంత? ఎక్కువ భాగం ఆరాకే, గబగబా ఎక్కుతుంది. ఆక్సిజన్ ఖర్చే కారణమైతే మంట వెలుగుతున్నంతసేపూ నీళ్ళు నిదానంగా ఎక్కుతూ ఉండాలి. జరిగేది వేరు. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. ఆరాక మిగిలిన గాలి చల్లబడి, నీటి ఆవిరి నీరుగా మారి లోపల పీడనం తగ్గుతుంది. బయటి గాలి నీళ్ళను లోపలికి తోస్తుంది. నిజానికి మంట ఆరేసరికి లోపల ఆక్సిజన్ ఇంకా చాలానే మిగిలి ఉంటుంది.

రెండో విరామం ఇంకా ముఖ్యం. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెడితే? గ్లాసులోని ఆక్సిజన్ అంతే కాబట్టి నీళ్ళూ అంతే ఎక్కుతాయని పాత వివరణ నమ్మినవాళ్ళు రాస్తారు. కానీ ఈసారి నీళ్ళు ఎక్కువ ఎత్తుకు వస్తాయి. మొదటిసారి నీటిమట్టం దగ్గర గ్లాసుకు స్కెచ్ పెన్‌తో గీత పెట్టి ఉంచితే తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

నీళ్ళు అసలు ఎక్కకపోతే గ్లాసు అంచు పళ్ళేనికి అంటుకుపోయిందేమో చూడాలి. అంచు కింద మూడు నాణేలు పెడితే నీటికి దారి దొరుకుతుంది.