అతుకుపని

పదిహేడేళ్ళ పిల్లా, నీకో దండం.

మన నరసాపురంలో రైలు పట్టాలు అయిపోతాయి. అవతల వశిష్ఠ గోదావరి, దాని చివర అంతర్వేది, ఆపైన సముద్రం. వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. చిన్నప్పుడు స్టేషనుకు వెళ్ళినప్పుడల్లా ఆ కొస చూసి నీకు దిగులేసేది. 1998లో, ఇంటరు పాసైన ఆ వానాకాలం సాయంత్రం, రేకు ట్రంకుపెట్టె పక్కన నిలబడి మొదటిసారి అటువైపు తిరిగి చూశావు. పట్టాలు మన ఊళ్ళోనే మొదలవుతున్నాయి!

ఆ చూపుకి దండం.

ట్రంకుపెట్టెలో ఏముంది? నాలుగు జతల బట్టలు, ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, ప్లాస్టిక్ కవరులో టీసీ, మార్కుల మెమో. అన్నిటి మీదా కప్పిన లేసు గుడ్డ. అది అమ్మ పెట్టింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిపోయిన అల్లిక మన వీధుల్లో ఇంటింటి కూలీ అయింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక అరుగు మీద సూది పడతారు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకో ఇంట్లో ఆ పువ్వుల్ని కలిపి గుడ్డ చేస్తారు, అది అతుకుపని. గడప దాటనక్కర్లేని పని గనకే ఆడవాళ్ళకి మంచి పని అన్నారు. అమ్మ కలిపిన గుడ్డలు ఓడెక్కి వెళ్ళి, ఆమె ఎన్నడూ చూడని దేశాల్లో ఎవరి భోజనాల బల్లల మీదో పరుచుకున్నాయి. మనింట్లో మాత్రం ఒక్కటీ మిగల్లేదు, ఈ ఒక్కటి తప్ప. ఇది నువ్వు పదో తరగతి సెలవుల్లో అతికింది. ఒక మూల దారం బిగిలాగేశావు. గుడ్డ ముడుచుకుపోయింది. ఏజెంటు వెనక్కి కొట్టాడు.

"బిగిస్తే ముడుచుకుంటది, వదిలేస్తే వేలాడుద్ది. రెండు పువ్వులూ వేటికవి విచ్చుకునేటట్టు కలపాలమ్మా," అంది అమ్మ ఆ రోజు. నువ్వది లేసు పాఠం అనుకున్నావు.

బండి కదిలింది. పాలకొల్లు, భీమవరం, ఆకివీడు. కిటికీలో నాట్లు పడిన చేలు, చేపల చెరువుల మీద చివరి వెలుగు. తెల్లారేసరికి నీళ్ళన్నీ మాయమై, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు. సికింద్రాబాద్‌లో దిగి సిటీబస్సులో కోఠీ చేరారు. నాన్న హాస్టల్ ఫీజు కట్టి, గేటు దగ్గర జేబులో మిగిలిన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, తిరుగు టికెట్టుకి ఉంచుకుని తక్కింది నీ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఆ వెనుతిరగని వీపుకి దండం.

కాలేజీ ముందు నిలబడి తలెత్తావు. 1924లో ఆడపిల్లల కోసం మొదలైన కళాశాల అది. ఉన్నది మాత్రం అంతకన్నా వందేళ్ళకు పైగా పాతదైన కోఠీ రెసిడెన్సీలో. రెండు వైపులా రాతి సింహాలు, మధ్యన వెడల్పాటి మెట్లు, పైన ఆకాశాన్ని మోస్తున్నట్టు స్తంభాలు. దాన్ని కట్టించిన దొర కిర్క్‌పాట్రిక్, భార్య ఖైరున్నీసా బేగం పరదా దాటి బయటికి రాదు గనక, ఆ భవనానికి చిన్న నమూనా చేయించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. తన భర్త కట్టిన మేడను ఆమె బొమ్మగానే చూసింది. అమ్మ, తను కలిపిన గుడ్డ పరిచిన బల్లని ఊహలోనే చూసింది. నువ్వు మాత్రం హవాయి చెప్పులతో ఆ మెట్లు నిజంగా ఎక్కావు. ఆ చెప్పుల చప్పుడికి దండం.

ఎక్కడం వరకే సులువు.

మొదటి వారమే హాజరు పిలుస్తుంటే "ఆయ్" అన్నావు. గోదావరి గట్టు మీద అది గౌరవంగా పలికే అవును. క్లాసు గొల్లుమంది. ఆ రోజు నుంచి నాలుక కొరుక్కుని మూడు నెలలు ఆ మాట అనలేదు. మనూరి యాస ఎక్కడ జారిపోతుందోనని మాట్లాడ్డమే తగ్గించావు. అది బిగిలాగిన దారం. రాత్రిళ్ళు రేటు తగ్గే దాకా ఎస్టీడీ బూతు దగ్గర వరసలో నిలబడి, పక్కింటివాళ్ళ ఫోనుకు అమ్మ వచ్చేలోపు మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతుంటే, ఆమె గొంతు వినగానే "వచ్చేస్తానమ్మా" అని ఏడ్చావు. అది వదిలేసిన దారం.

వృక్షశాస్త్రం క్లాసులో ఇంకా కష్టం. తెలుగు మీడియంలో చదివిన పిల్లవి. మేడమ్ ఇంగ్లీషులో చెప్పేదేదీ నీకు తెలియనిది కాదు, తెలిసినదాని పేరే తెలియదు. ఒకరోజు వేరు నమూనాలు బల్ల మీద పెట్టి ఒకటి గుర్తు పట్టమంది. అది వరి. నారు పీకిన చేతికి వరి వేరు తెలియదా? నోరు పెగల్లేదు. కూర్చోమంది.

ఆ రాత్రి పక్క మంచం మీది మిర్యాలగూడ పిల్ల నీ దుప్పటి లాగింది. "పరేషాన్ గాకు. నాకు గూడ సమజైతలేదు. ఇద్దరం కలిసి రాసుకుందాం," అంది. రెండొందల పేజీల నోటుబుక్కులో ప్రతి పేజీ మధ్యన స్కేలు పెట్టి గీత గీశారు. ఎడమ వైపు పీచువేరు, కుడి వైపు ఫైబ్రస్ రూట్. ఎడమన దారువు, కుడిన జైలెం. ఎడమన పత్రరంధ్రాలు, కుడిన స్టొమాటా. రోజుకి పది మాటలు. ఒకరు ఎడమ చదివితే ఒకరు కుడి అప్పజెప్పాలి. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే హాస్టల్లో, ఒక్క బకెట్టుతో స్నానం ముగించడం ఎలాగో నీకు ఆమే నేర్పింది. గోదారి పిల్లవి, నీళ్ళని కొలవడం అక్కడ నేర్చుకున్నావు. ఆమె నీ సున్నుండలు తిని "మస్తున్నయ్" అంది. అలా ఇద్దరి మధ్యా రెండు జిల్లాల పువ్వులు ఒక దారం ఎక్కాయి.

ఆ నోటుబుక్కు మధ్య గీతకి దండం. అక్కడే నువ్వు పెద్దదానివయ్యావు.

డిసెంబరులో మేడమ్ మళ్ళీ నమూనాలు పెట్టింది. లేచి ఇంగ్లీషులో పేరు చెప్పి, ఆగి, నారు పీకేటప్పుడు మట్టి ముద్దగా ఎందుకు వస్తుందో తెలుగులో చెప్పావు. సన్నటి వేళ్ళన్నీ కలిసి మట్టిని పట్టుకుంటాయి గనక. మేడమ్ "అర్థమైందా?" అని క్లాసుని అడిగింది. నువ్వు అనుకోకుండా "ఆయ్" అన్నావు. ఈసారి నవ్వినవాళ్ళలో నువ్వూ ఉన్నావు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళావు. అమ్మ చేసిన బొబ్బట్టు కొరికి "మస్తుందమ్మా" అన్నావు. తమ్ముడు పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. సూది ఆపి నిన్ను కాసేపు చూసి, మళ్ళీ అల్లిక అందుకుంది. అతుకు సరిగ్గా పడిన గుడ్డని ఏజెంటుకి ఇచ్చే ముందు ఒళ్ళో పరిచి చూసుకునే చూపు అది.

ఆ లేసు గుడ్డ ఇప్పటికీ నా దగ్గరుంది. మూల ముడత అలాగే ఉంది. విప్పి మళ్ళీ అతకడం నాకిప్పుడు వచ్చు. కానీ సూది పెట్టబుద్ధి కాదు. ఆ ముడత నీ చేతి పని.