మాట అంటే ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదే

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. తెలుగు భాషా దినోత్సవం పేరిట వ్యాసరచన పోటీల ప్రకటనలు వచ్చే కాలమిది. వాటిలో తప్పకుండా కనిపించే షరతు ఒకటుంది: వ్యాసం ఇన్ని మాటలు దాటరాదు. ఇదివరకు కాగితాల మీద వచ్చే వ్యాసాలు ఇప్పుడు ఆన్‌లైన్ ఫారంలో వస్తున్నాయి. ఒక్కో వ్యాసం షీటులో ఒక్కో సెల్‌లోకి చేరుతుంది. ఎక్సెల్ సెల్‌లో 32,767 క్యారెక్టర్ల దాకా పడతాయి కనుక చోటుకు ఇబ్బంది లేదు. చిక్కల్లా లెక్క దగ్గరే. వర్డ్‌లో అయితే మాటల సంఖ్య తెర అడుగున కనిపిస్తూ ఉంటుంది, ఎక్సెల్‌లో అలాంటిదేమీ లేదు. 2024ను రోమన్ అంకెల్లో రాసిపెట్టడానికి ROMAN అనే ఫంక్షన్ ఉంది. నెల నెలా కట్టే వాయిదా ఎంతో చెప్పడానికి PMT ఉంది. సెల్‌లో ఎన్ని మాటలున్నాయో చెప్పడానికి మాత్రం ఫంక్షన్ లేదు. ఈ వారం నా చిరాకంతా దీని మీదే.

ఫంక్షన్ లేని చోట జనం వాడే ఉపాయం ఒకటుంది. LEN సెల్‌లోని క్యారెక్టర్లను లెక్కపెడుతుంది. SUBSTITUTE ఒకదాన్ని తీసి మరొకదాన్ని పెడుతుంది. ఖాళీని తీసి, దాని స్థానంలో ఏమీ పెట్టవద్దంటే మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కోకముందు పొడవులోంచి అతుక్కున్నాక పొడవు తీసేస్తే ఎన్ని ఖాళీలు పోయాయో తెలుస్తుంది. కాటా మీద లోడు లారీని ఒకసారి, ఖాళీ లారీని ఒకసారి తూచి సరుకు బరువు తేల్చినట్టే ఇదీ. రెండు మాటల మధ్య ఒక ఖాళీ, మూడు మాటల మధ్య రెండు. కాబట్టి ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపితే మాటల సంఖ్య.

```
=LEN(A2)-LEN(SUBSTITUTE(A2," ",""))+1
```

A2లో "మా ఊరి చెరువు ఎండిపోయింది" అని ఉందనుకుందాం. LEN దీన్ని 25 అంటుంది. ఖాళీలు తీసేశాక 22 అంటుంది. తేడా 3, ఒకటి కలిపితే 4 మాటలు. లెక్క సరిపోయింది. ఇప్పుడు అదే వాక్యం చివర టైపు చేసినవారు చూసుకోకుండా స్పేస్ బార్ రెండుసార్లు నొక్కారనుకోండి. కంటికి తేడా ఏమీ కనిపించదు కానీ LEN 27 అవుతుంది, ఖాళీలు తీసినా 22 అలాగే ఉంటుంది, జవాబు 6 వస్తుంది. అందుకే ముందుగా TRIM వాడాలి. అది మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలను పూర్తిగా తీసేసి, మధ్యలో రెండు మూడు వరసగా ఉంటే ఒక్కటే మిగులుస్తుంది. మరో లోపం పూర్తిగా ఖాళీగా ఉన్న సెల్‌లో బయటపడుతుంది. సున్నాలోంచి సున్నా పోతే సున్నా, దానికి ఒకటి కలిపితే ఒకటి. వ్యాసం పంపని వారి ఖాతాలో కూడా ఒక మాట జమవుతుంది. దానికి IF పెట్టక తప్పదు.

వీటికంటే మొండివి మరో రెండున్నాయి. వెబ్ పేజీలోంచి కాపీ చేసి అతికించిన వ్యాసంలో ఖాళీలా కనిపించేదంతా మామూలు ఖాళీ కాదు. లైను చివర మాటలు విడిపోకుండా పట్టి ఉంచడానికి పెట్టే ఖాళీ వేరే ఉంది, దాని సంఖ్య 160. స్పేస్ బార్ నొక్కితే వచ్చేదాని సంఖ్య 32. TRIM 160ని ముట్టుకోదు, మన SUBSTITUTE కూడా ముట్టుకోదు. చెరువు వాక్యంలోని మూడు ఖాళీలూ 160 అయితే నాలుగు మాటలూ కలిసి ఒక్కటిగా లెక్కకొస్తాయి. నూర్ల మాటలున్న వ్యాసానికి పదీ ఇరవై అని జవాబు వస్తే అనుమానించాల్సింది దీన్నే. తేల్చుకోవడం తేలిక. మన వాక్యంలో మొదటి ఖాళీ మూడో స్థానంలో ఉంది ("మా"కు రెండు క్యారెక్టర్లు), కాబట్టి =UNICODE(MID(A2,3,1)) అని అడిగితే ఆ ఖాళీ 32నో 160నో అదే చెబుతుంది. రెండోది సెల్‌లోనే లైను మార్చడం. పేరా చివరి మాటకూ తరవాతి పేరా మొదటి మాటకూ మధ్య ఉన్నది ఖాళీ కాదు, 10 అనే సంఖ్య గల లైను మార్పు. అలాంటి ప్రతి చోటా ఒక మాట లెక్కలో తగ్గుతుంది. ఈ రెండింటినీ మామూలు ఖాళీలుగా మార్చి, TRIM చేసి, ఆ శుభ్రమైన ప్రతిని B2లో ఉంచుకుంటే లెక్క C2లో పొట్టిగా ఉంటుంది.

```
B2: =TRIM(SUBSTITUTE(SUBSTITUTE(A2,UNICHAR(160)," "),CHAR(10)," "))
C2: =IF(B2="",0,LEN(B2)-LEN(SUBSTITUTE(B2," ",""))+1)
```

చిన్న పనికి ఇంత తతంగమా, మాటలు లెక్కపెట్టే ఫంక్షన్ ఒకటి ఇచ్చేస్తే పోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ కాలమ్ క్రమం తప్పకుండా చదివేవారికి నా పాత గొడవ తెలిసే ఉంటుంది: సంఖ్య చెప్పేవారు దేన్ని లెక్కపెట్టారో కూడా చెప్పాలి. "ఎండిపోయింది" అని కలిపి రాస్తే మన వాక్యంలో 4 మాటలు. "ఎండి పోయింది" అని విడదీస్తే 26లోంచి 22 పోయి, ఒకటి కలిసి 5 మాటలు. అర్థం మారలేదు, ఉచ్చారణ మారలేదు. తెలుగులో సహాయక క్రియలను కొందరు కలిపి రాస్తారు, కొందరు విడదీస్తారు. "రాముడు ఇంటికి" అన్నా "రాముడింటికి" అన్నా వాడే వెళ్ళాడు, ఆ ఇంటికే వెళ్ళాడు. 300 మాటల హద్దు పెట్టినప్పుడు సంధులు కలుపుతూ రాసే వ్యాసకర్తకు దక్కే చోటు, విడదీసి రాసేవారికి దక్కదు. ఈ తేడాను ఏ ఫంక్షనూ తీర్చలేదు. మన ఫార్ములా కూడా తీర్చదు, కాకపోతే తాను లెక్కపెట్టేది ఖాళీలనేనని దాచకుండా చెబుతుంది. మధ్యలో " " అన్న ముక్క కంటికి ఎదురుగా ఉంది. చివర్లో +1 ఉంది. మాట అంటే ఏమిటన్న నిర్వచనం ఆ వరసలోనే రాసి ఉంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. కొత్త ఎక్సెల్‌లో TEXTSPLIT వచ్చింది కదా, దానితో మాటలను విడగొట్టి COUNTAతో లెక్కపెట్టవచ్చు కదా అంటారు. నిజమే, చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే ఎక్కడ విడగొట్టాలో దానికీ మనమే చెప్పాలి, చెప్పేదీ అదే ఖాళీ. పాత ఎక్సెల్ ఉన్న కంప్యూటర్లలో అది పనిచేయదు, LEN, SUBSTITUTE మాత్రం ఎక్కడైనా పనిచేస్తాయి. అంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి: ఫంక్షన్లు నిర్వచనాన్ని దాచేస్తాయని వాదిస్తున్నప్పుడు LEN మాత్రం దాచడం లేదా? క్యారెక్టర్ అంటే ఏమిటో అది ఎక్కడ చెప్పింది? ఈ ప్రశ్నకు జవాబు తెలుగువారికి ఇంకా ముఖ్యం, ఎందుకంటే LEN అనే క్యారెక్టరూ మనం అనే అక్షరమూ ఒకటి కావు. "రాష్ట్రం" మనకు రెండక్షరాలు: రా, ష్ట్రం. LEN దీన్ని 8 అంటుంది. ర, దాని దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, మళ్ళీ ర, సున్న. గుణింతపు గుర్తు ఒకటిగా, వత్తు రెండుగా లెక్కకొస్తాయి. 1000 క్యారెక్టర్లు దాటకూడదన్న ఫారంలో తెలుగు వ్యాసం అనుకున్న దానికంటే ముందే ఆగిపోవడానికి కారణం ఇదే.

LEN దాచిన ఈ విషయాన్ని బయటపెట్టేది మళ్ళీ SUBSTITUTEయే. ఒకే క్యారెక్టర్ ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకోవడానికి అదే తీసివేత వాడతాం, అక్కడ +1 అక్కర్లేదు.

```
=LEN(A2)-LEN(SUBSTITUTE(A2,"ర",""))
```

చెరువు వాక్యానికి ఇది 2 అంటుంది. విడిగా "ర" అన్న అక్షరం అందులో ఒక్కటీ లేదు, ఉన్నవి రి, రు. "ర"ను తీసేశాక ఏం మిగిలిందో విడిగా చూస్తే ఊ పక్కన గుడి, చె పక్కన కొమ్ము ఆధారం లేకుండా వేలాడుతూ కనిపిస్తాయి. ఎక్సెల్ మన అక్షరాన్ని ఎక్కడ కోసిందో ఆ ఒక్క సెల్ చూస్తే అర్థమవుతుంది. "రి"ని మాత్రమే లెక్కపెట్టాలంటే వచ్చిన తేడాను LEN("రి")తో, అంటే 2తో, భాగించాలి. లేకపోతే ఒక్క "రి"కి 2 అని జవాబొస్తుంది. పొల్లులు ఎన్నో తెలియాలంటే "ర" బదులు UNICHAR(3149) పెట్టాలి, ఎందుకంటే పొల్లును విడిగా కొటేషన్ల మధ్య టైపు చేస్తే పక్క గుర్తుతో కలిసిపోయి కంటికి అయోమయంగా ఉంటుంది. "రాష్ట్రం"లో అవి 2. ఇంగ్లిష్ పేర్లతో వేరే జాగ్రత్త కావాలి: SUBSTITUTEకి పెద్ద A, చిన్న a వేర్వేరు. Anantapurలో "a" అని అడిగితే 2 అంటుంది, ముందు LOWER వాడితే 3 అంటుంది.

మాటల లెక్కకు ఫంక్షన్ లేదన్న చిరాకుతో మొదలుపెట్టాను. ఇప్పుడు నా అభిప్రాయం, అది లేకపోవడమే మేలు. ఉంటే దాన్ని అడిగి, వచ్చిన అంకెను నమ్మి, 301వ మాట దగ్గర ఒకరి వ్యాసాన్ని పక్కన పెట్టేసేవారు. ఆ మాట విడదీసి రాసిన క్రియ వల్ల వచ్చిందా, చివర మిగిలిన ఖాళీ వల్ల వచ్చిందా అని అడిగేందుకు తావుండేది కాదు. ఫార్ములా చేతిలో ఉంటే ఆ ప్రశ్న అడగవచ్చు, జవాబూ రాబట్టవచ్చు. కాబట్టి పోటీలు పెట్టేవారికి నేను చెప్పేది ఒక్కటే. మాటల హద్దు ప్రకటించేటప్పుడు, మాట అంటే ఖాళీకీ ఖాళీకీ మధ్య ఉన్నదని కూడా ప్రకటించండి. పైనున్న B2, C2 వరసలను నిబంధనల కింద అచ్చు వేయండి. హద్దుకు పది మాటలు అటూ ఇటూ ఉన్న వ్యాసాలను ఫార్ములా తీర్పుకు వదలకుండా మనిషి చదవాలి. సంధి కలిపినందుకు ఒకరు గెలిచి, విడదీసినందుకు మరొకరు ఓడిపోయే పోటీ వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు పేరిట జరగకూడదు.