బల్ల ఒక్కటే, పిల్లలు పదహారు మంది

టేబుల్ టెన్నిస్ అనగానే మనవాళ్లు ముందు బల్లలు లెక్కపెడతారు. హాల్లో బల్ల ఒక్కటే ఉంటే, పిల్లలందరికీ నేర్పడం కుదరదని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. గ్రిప్, రెడీ పొజిషన్, ఫోర్‌హ్యాండ్ పుష్. ఈ మూడూ నేర్పడానికి బల్లతో ఉన్న పని మనం అనుకునేదాంట్లో పావు వంతు. మిగతాదంతా నేల మీద, సుద్దముక్కతో, చెక్క పలకతో జరిగిపోతుంది. పాల్వంచలో ఒక మాస్టారు అలా నేర్పడం కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాల్వంచ అంటే థర్మల్ స్టేషన్ ఊరు. 2024 ఆగస్టులో పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కూల్చేసే దాకా, ఎటు నుంచి వచ్చినా ముందు అవే కనబడేవి. ఇలాంటి కాలనీ ఊళ్లలో బల్ల ఉన్నా అది పెద్దవాళ్ల సాయంత్రాలకే. డ్యూటీ దిగినవాళ్లు వచ్చేలోపు దొరికే గంటే పిల్లలది. మాస్టారి దగ్గరికి కాలనీ పిల్లలూ వస్తారు, కిన్నెరసాని వైపు ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో చదువుకునే పిల్లలూ వస్తారు. వీళ్లలో చాలామంది చేతికి బ్యాట్ తగలడం అదే మొదటిసారి.

మొదటి రోజు ఆయన బంతి ఇవ్వడు. బ్యాట్ ఇచ్చి చెయ్యి చూస్తాడు. క్రికెట్, గిల్లీదండా ఆడిన పిల్లలు బ్యాట్‌ని సుత్తి పట్టినట్టు పిడికిలితో బిగిస్తారు. చూపుడు వేలు కూడా పిడి చుట్టూ పోతుంది, మణికట్టు కిందికి వంగుతుంది, బ్యాట్ ముక్కు నేలను చూస్తుంది. ఈ పట్టుతో ఎంతకాలం ఆడినా పుష్ రాదు. బ్యాట్ ముఖాన్ని కొద్దికొద్దిగా తిప్పాల్సింది చూపుడు వేలూ బొటనవేలూ, అవి రెండూ అప్పటికే పిడి దగ్గర చిక్కుపడి ఉన్నాయి. షేక్‌హ్యాండ్ గ్రిప్‌లో బ్యాట్ అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందులో కూర్చోవాలి. చివరి మూడు వేళ్లు పిడిని చుట్టుకోవాలి. బొటనవేలు ముందు రబ్బరు అంచు మీద, చూపుడు వేలు వెనక వైపు రబ్బరు కింది అంచు వెంబడి పడుకోవాలి. అది రబ్బరు మధ్యలోకి ఎగబాకితే ఫోర్‌హ్యాండ్ బిగుసుకుపోతుంది.

బిగువు ఎంత ఉండాలన్నది మాటల్లో చెప్పలేం. మాస్టారు మెల్లగా వెనక నుంచి వచ్చి బ్యాట్ లాగుతాడు. కొంచెం జారి, ఆ తర్వాత ఆగితే సరైన పట్టు. అస్సలు కదలకపోతే, "చెయ్యి వదులు చెయ్యి బిడ్డా, బ్యాట్ ఎవ్వరూ ఎత్తుకపోరు" అంటాడు. బంతి వచ్చాక పిల్లలు పాత పిడికిలికే పోతారు. అందుకని ఆట మధ్యలో ఉన్నట్టుండి "ఆగు!" అని అరుస్తాడు. అందరూ అక్కడికక్కడే ఆగిపోవాలి, ఆయన వచ్చి వేళ్లు చూడాలి. ఆడకముందు చూసిన పట్టు కన్నా ఆటలో దొరికిన పట్టే అసలుదంటాడు. చాలామంది కోచ్‌లకు ఈ ఓపిక లేదు.

రెడీ పొజిషన్‌కీ బల్ల అక్కర్లేదు. రెండు కుర్చీల మధ్య నేల నుంచి 76 సెంటీమీటర్ల ఎత్తులో ఒక తాడు కడతాడు, అదే బల్ల అంచు. పిల్ల దానికి ఒక చెయ్యి దూరంలో నిలబడుతుంది. పాదాలు భుజాల కన్నా కాస్త ఎడంగా, కుడిచేతివాళ్లకు కుడి పాదం కొద్దిగా వెనక్కి. మోకాళ్లు వంగి, బరువు పాదాల ముందు భాగం మీద. మడమ కింద కాగితం దూరుతుందేమో చూడాలి, దూరితే బరువు ముందుకొచ్చినట్టే. మోచెయ్యి పక్కటెముకలకు అంటకుండా ఒక పిడికిలి ఎడం ఉండాలి. బ్యాట్ తాడు కన్నా పైనే ఉండాలి, కిందికి జారితే తాడే పట్టిస్తుంది.

ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర ఒక చిక్కుంది. 76 సెంటీమీటర్ల బల్ల వాళ్లకు నడుము పైదాకా వస్తుంది. పెద్దవాళ్లలా మోకాళ్లు వంచమంటే బ్యాట్ బల్ల కిందికి పోతుంది, పిల్ల భుజం ఎత్తి ఆడటం మొదలుపెడుతుంది, ఆ అలవాటు తర్వాత వదలదు. చిన్నపిల్లలకు మోకాలి వంపు తగ్గించాలి, లేదా వాళ్లను ఎత్తు తక్కువ పలక మీదే ఆడించాలి.

ఆ పలక సంగతి చెప్పాలి. వడ్రంగి దుకాణంలో దొరికే ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటును రెండు బెంచీల మీద పరుస్తాడు. అసలు బల్ల తొమ్మిదడుగులు, అయిదడుగులు. కాబట్టి తేడా పెద్దది కాదు. పలక పల్చగా ఉంటే బంతి చచ్చిపోతుంది, అంగుళానికి ముప్పావు మందమైనా కావాలి. బంతిని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 23 దాకా లేవాలన్నది అసలు బల్లకున్న నియమం. స్కేలు పెట్టి చూస్తే పలక పనికొస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది. నెట్టుకు ఇటుకలు చాలు. మూడంగుళాల ఇటుకలు ఒకదానిమీదొకటి రెండు పెడితే ఆరంగుళాలు. నెట్టు ఎత్తు 15.25 సెంటీమీటర్లు, అంటే అదీ ఆరంగుళాలే. పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే అయిపోయింది!

ఇక పుష్. కొత్తవాళ్లకు ముందు డ్రైవ్ నేర్పాలనే కోచ్‌లే ఎక్కువ. నేను పుష్ పక్షం. బల్లలు తక్కువైన చోటైతే ఇందులో వాదనే అనవసరం. డ్రైవ్‌లో బలం తప్పును దాచేస్తుంది, పుష్‌లో తప్పు అప్పటికప్పుడు బయటపడుతుంది. పైగా పుష్‌కు చోటు తక్కువ చాలు, బంతులు హాలంతా చెదిరిపోవు. పొట్టిగా వచ్చిన బంతికి బ్యాట్ ముఖాన్ని కాస్త ఆకాశం వైపు తెరవాలి, ఛాతీ ఎత్తు నుంచి ముందుకూ కిందికీ పంపాలి. బంతి ఎగిరి పైన ఆగినట్టుండే క్షణంలో, దాని వెనక కింది భాగాన్ని తాకాలి. పెనం మీద దోసె కిందికి అట్లకాడ పోనిచ్చినట్టు బ్యాట్ బంతి కిందికి పోవాలి. పని ముంజేతిది, మోచెయ్యి తెరుచుకోవడంతో కదలిక మొదలవుతుంది. మణికట్టు ఊగకూడదు. ఒక జానెడు ముందుకు వెళ్లి ఆగి, మళ్లీ రెడీ పొజిషన్‌కి రావాలి. బంతి నెట్టు దగ్గరే పడితే కుడి పాదం బల్ల కిందికి అడుగు వేయాలి. చెయ్యి మాత్రమే చాచితే పుష్ గాల్లోకి లేస్తుంది.

బంతి కిందికి వెళ్లామా లేదా అన్నది నేల చెబుతుంది. మాస్టారు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. సిమెంటు నేల మీద సుద్దతో గీత గీసి, పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెడతాడు. బంతిని వదిలి, ఎగిరాక కింది భాగాన్ని బ్యాట్‌తో ముందుకు కోయమంటాడు. బంతి గీత దాటి వెళ్లి, ఆగి, తనంతట తానే వెనక్కి దొర్లుకుంటూ రావాలి. తిరిగొస్తే బ్యాక్‌స్పిన్ పడినట్టు. అక్కడే ఆగిపోతే రాసింది తక్కువ, కొట్టింది ఎక్కువ. పక్కకి వంకర తిరిగితే బ్యాట్ ముఖం వాలింది. మొదటిసారి బంతి తన మోకాలి దగ్గరికి తిరిగొచ్చినప్పుడు పిల్ల ముఖం చూడాలి!

గోడకు కొట్టి నేర్చుకోవచ్చు కదా అంటారు. గ్రిప్ అలవాటుకు మంచిదే, పుష్‌కు పనికిరాదు. బ్యాక్‌స్పిన్‌తో వెళ్లిన బంతి గోడ తగిలి దిశ మార్చుకుంటుంది, తిరిగే తిరుగుడు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. అందువల్ల మన వైపు వచ్చేటప్పుడు అది టాప్‌స్పిన్ అవుతుంది. ముఖం తెరిచిన బ్యాట్‌కు టాప్‌స్పిన్ బంతి తగిలితే పైకి లేస్తుంది. దాన్ని అణచడానికి పిల్ల బ్యాట్ మూయడం నేర్చుకుంటుంది, అక్కడితో పుష్ పాడైపోతుంది.

ఇప్పుడు గంటసేపు, ఒక బల్ల, పదహారు మంది. నలుగురేసి నాలుగు జట్లు. ఒక జట్టు బల్ల దగ్గర, ఒకటి పలక దగ్గర, ఒకటి నేల మీద, ఒకటి తాడు దగ్గర బంతి లేకుండా. పదిహేను నిమిషాలకోసారి మారతారు. బల్ల దగ్గరి నలుగుర్ని నిలబెట్టే తీరులోనే మాస్టారి నేర్పంతా ఉంది. కుడిచేతివాళ్లిద్దరు ఫోర్‌హ్యాండ్‌తో ఎదురెదురుగా ఆడితే బంతి మూల నుంచి మూలకు పోతుంది, ఇంకో జంటకు చోటుండదు. అందుకని రెండు కొసల్లోనూ కుడి సగంలో పుష్ చేసే పిల్లను, ఎడమ సగంలో చేత్తో బంతి విసిరే పిల్లను నిలబెడతాడు. విసిరినవాడికి ఎదురుగా ఉన్నది పుష్ చేసే పిల్ల. రెండు జంటలూ తిన్నగా ఆడుకుంటాయి, బ్యాట్‌లు తగులుకోవు. విసిరేటప్పుడు వేళ్లతో బంతి కింది భాగాన్ని ముందుకు తోయాలి, అప్పుడు బంతి కొద్దిపాటి బ్యాక్‌స్పిన్‌తో వస్తుంది. ఏడు నిమిషాలకు పనులు మార్చుకుంటారు.

లెక్క చూడండి. నాలుగు సెకన్లకొక బంతి వేసినా, ఏరుకునే సమయం పోగా ఏడు నిమిషాల్లో ఒక్కో పిల్లకు ఎనభై పుష్‌లు పడతాయి. ఇదే గంటలో ఇద్దరిద్దరిని మ్యాచ్ ఆడిస్తే ఒక్కొక్కరికి దక్కేది ఏడున్నర నిమిషాలు. అందులో సగం బంతి వెనక పరుగే. మిగతా పద్నాలుగు మంది గోడకు ఆనుకుని నిలబడతారు.

పుష్‌ను చిన్నచూపు చూసేవాళ్లకు 1936 ప్రాగ్ ప్రపంచ పోటీలు గుర్తుచేస్తాను. అక్కడ ఎర్లిక్, పానెత్ అనే ఇద్దరు ఆటగాళ్లు ఒక్క పాయింటు కోసమే రెండు గంటలకు పైగా బంతిని ఇటూ అటూ నెట్టారు. అంత నియంత్రణ! ఆ తర్వాత ఆటకు సమయ నియమాలు పెట్టాల్సి వచ్చింది. 1952లో బొంబాయిలో జపాన్ ఆటగాడు సాతో స్పాంజి బ్యాట్‌తో గెలిచాక ఆట వేగం మారిపోయింది, కానీ పుష్ పోలేదు. మన హైదరాబాదు సంగతే చూడండి. సయీద్ సుల్తానా, వరుసగా రెండుసార్లు జాతీయ చాంపియన్ అయిన మీర్ ఖాసిం అలీ ఆడిన ఊరది. ఆ ఊరి అమ్మాయి ఆకుల శ్రీజ 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2024లో లాగోస్‌లో డబ్ల్యూటీటీ కంటెండర్ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయురాలైంది. ఆమె ఆటలో పొట్టి బంతుల దగ్గర చేతి నెమ్మదిని చూడండి, స్మాష్‌లు తర్వాత చూద్దురుగాని.

నాకు నిజంగా కోపం వచ్చేది వేసవి శిబిరాలను చూసినప్పుడు. రెండోరోజే స్మాష్ కొట్టిస్తారు, తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు, నెల తిరిగేసరికి పిల్లకు సుత్తి పట్టు, బిగిసిన భుజం మిగులుతాయి. అవి మాన్పడానికి మరో ఆరు నెలలు. దానికి తోడు బొమ్మల దుకాణాల్లో అమ్మే బ్యాట్ల సెట్లు. ఆ రబ్బరుకు పట్టుండదు. బంతిని రబ్బరు మీద అదిమి లాగితే జారిపోతుంది, మంచి రబ్బరైతే పట్టి ఆపుతుంది. పిల్ల అంతా సరిగ్గా చేసినా నేల మీద బంతి వెనక్కి రాదు. తప్పు బ్యాట్‌దని దానికెలా తెలుస్తుంది? నాకు చేతకాదని వదిలేస్తుంది. ఇది అన్యాయం. పదిమందికి పది చెత్త బ్యాట్లు కొనే డబ్బుతో నాలుగు మంచివి కొనండి, నాలుగు జట్లూ మార్చుకుని ఆడతాయి. ఆట అయ్యాక తడిగుడ్డతో రబ్బరు తుడిచి, సంచిలో పెట్టండి. మా వైపు బూడిద దుమ్ముకు రెండు రోజులు తుడవకపోయినా మంచి రబ్బరు కూడా జారుతుంది.

క్లబ్బుల పెద్దలకు ఒక విన్నపం. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా బల్ల ఖాళీగానే ఉంటుంది. ఆ గంట పిల్లలకు రాసివ్వండి. తలుపు తీసి పెట్టండి, ఒక ప్లైవుడ్ షీటు కొనిపెట్టండి, అంతకన్నా అడగడం లేదు.

ఇలా నేర్చిన పిల్ల ఎప్పుడు ముందుకు వెళ్లాలన్నది కూడా మాస్టారు తేల్చి పెట్టాడు. ఎదుటి పిల్లతో మూల నుంచి మూలకు ఆగకుండా ఇరవై పుష్‌లు ఆడాలి, బంతి నెట్టు మీద జానెడుకు మించి లేవకూడదు, ఇరవయ్యో పుష్ తర్వాత "ఆగు!" అంటే వేళ్లు మొదటి రోజు నేర్పిన చోటే ఉండాలి. అప్పుడు డ్రైవ్ మొదలుపెట్టొచ్చు. డ్రైవ్‌కు పలకా, నేలా చాలవు, నిజమైన బల్లే కావాలి. పదహారు మందిలో అప్పటికి ఆ దశకు చేరేది అయిదారుగురే, ఒక బల్ల వాళ్లకు సరిపోతుంది. మిగతావాళ్లు వాళ్ల వంతు వచ్చేదాకా నేల మీద బంతిని వెనక్కి రప్పించుకుంటూనే ఉంటారు.