జతికి ఒక షట్టర్, భంగిమకు ఒక షట్టర్

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోటో తీయడానికి లైట్ మీటర్ అక్కర్లేదు. ఫిల్ము రోజుల నుంచీ ఒక లెక్క ఉంది. అపెర్చర్ f/16 పెట్టి, ఐఎస్ఓ అంకె ఎంతో సెకనులో అన్నో వంతు షట్టర్ పెడితే చాలు. ఐఎస్ఓ 100 అయితే 1/100, లేదా దానికి దగ్గరగా 1/125. అదే కెమెరా పట్టుకుని సాయంత్రం కూచిపూడి ప్రదర్శనకు వెళ్తే కథ మారిపోతుంది. వేదిక దీపాలతో వెలిగిపోతున్నట్టే ఉంటుంది. కానీ ఓ మోస్తరు హాల్లో నర్తకి మీద పడే వెలుగు ఆ ఎండలో నూరో వంతు కూడా ఉండదు. మన కన్ను చీకటికి తనంతట తాను సర్దుకుంటుంది కనుక ఆ తేడా మనకు తెలియదు.

ఫోటోగ్రాఫర్లు ఈ తేడాను స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ తగ్గడమంటే వెలుగు సగమవడం. ఎండ నుంచి ఆ వేదికకు దాదాపు ఏడు స్టాపులు, అంటే 128 రెట్ల తేడా. దాన్ని ఎక్కడినుంచి పూడ్చుకోవాలన్నదే అసలు ప్రశ్న.

మొదట అపెర్చర్ చూద్దాం. లెన్స్ లోపలి రంధ్రం వ్యాసం ఫోకల్ లెంగ్తులో ఎన్నో వంతో చెప్పేదే ఎఫ్ నంబరు. అందుకే అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి f/16 నుంచి 11, 8, 5.6, 4, 2.8 అని దిగుతుంటే ఒక్కో అడుగుకూ వెలుగు రెట్టింపవుతుంది. f/2.8కి వచ్చేసరికి ఐదు స్టాపులు దొరికాయి. మిగిలిన రెండూ షట్టర్ నుంచి తెస్తే 1/125 కాస్తా 1/30 అవుతుంది. f/2.8, 1/30, ఐఎస్ఓ 100: ఫోటో వెలుగు సరిగ్గా కుదురుతుంది. అయినా ఆ ఫోటో పనికిరాదు. 1/30 సెకను తెరిచి ఉన్నంతలో జతికి ఆడే పాదాలు, చేతులు ఎంతో దూరం కదిలిపోతాయి, అంతా అలికినట్టు వస్తుంది.

జతిని నిలబెట్టాలంటే 1/500 కావాలి. అంటే షట్టర్ నుంచి నాలుగు స్టాపులు పోయాయి. అపెర్చర్ ఇంక తెరుచుకోదు, కాబట్టి ఆ నాలుగూ ఐఎస్ఓ మీద పడతాయి: 200, 400, 800, 1600. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఐఎస్ఓ పెంచితే కెమెరాలోకి అదనంగా వెలుగేమీ రాదు. సెన్సర్ మీద పడిన కొద్దిపాటి వెలుగునే కెమెరా పెంచి చూపిస్తుంది. పడిందే తక్కువ కనుక నీడల్లో గరుకుగా నాయిస్ కనిపిస్తుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్ దూరానికి సాగితే f/5.6 దాటి తెరుచుకోదు, అప్పుడు ఐఎస్ఓ 6400 దాకా వెళ్లాల్సిందే. వెళ్లండి. నాయిస్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని మాత్రం వెనక్కి తేలేం.

అయితే నాట్యం మొత్తం జతి కాదు. తీర్మానం చివర నర్తకి భంగిమలో ఒక క్షణం నిలుస్తుంది. ఆ తాళం తెలిసినవాళ్లకు ఆ క్షణం ముందే తెలుస్తుంది. అక్కడ 1/125 చాలు, మిగిలిన రెండు స్టాపులతో ఐఎస్ఓను 400కు దించుకోవచ్చు. లేదా అపెర్చర్‌ను f/5.6కి మూయవచ్చు. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 200 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించి పది మీటర్ల నుంచి f/2.8లో తీస్తే స్పష్టంగా ఉండేది సుమారు 40 సెంటీమీటర్ల మేరే. కంటి మీద ఫోకస్ పెడితే ముందుకు చాచిన హస్తముద్ర మసకబారుతుంది. f/5.6లో ఆ మేర రెట్టింపవుతుంది.

మీటరును నమ్మితే మరో చిక్కు. వెనక నల్ల తెర ఫ్రేములో చాలా భాగం ఆక్రమించినప్పుడు, దృశ్యం మొత్తం చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది. తెర బూడిదరంగులోకి వస్తుంది, నర్తకి ముఖం, నగలు తెల్లగా పాలిపోతాయి. చూపు తెర మీద కాక చెంప మీద ఉండాలి. దీపాలు మారనంతసేపు మాన్యువల్‌లో పెట్టి, చెంపకు సరిపోయే విలువలు స్థిరపరచుకోవడం మేలు.

తరంగంలో మాత్రం నెమ్మది షట్టర్‌కు పని ఉంది. ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు ఆడుతుండగా పై శరీరం నిలకడగా ఉండే ఘట్టాలుంటాయి. అప్పుడు 1/15 పెడితే పాదాలు చెదిరి, ముఖం నిలుస్తుంది. 1/500తో పోలిస్తే ఐదు స్టాపులు ఎక్కువ వెలుగు వస్తుంది కనుక ఐఎస్ఓను 1600 నుంచి 100కు, అపెర్చర్‌ను f/4కు మార్చాలి. కెమెరా ట్రైపాడ్ మీద ఉండాలి. ఫోటోలో పాదాలు మాత్రమే చెదిరితే అది నాట్యం. వెనక తెర అంచు కూడా రెండుగా కనిపిస్తే కదిలింది కెమెరా.