‘కొండ’ రాయడానికి రెండు కీలు తక్కువ

నేను రోజూ వాడే కీబోర్డుకు 42 కీలే. దీన్ని కార్న్ అంటారు. రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్కలో ఆరేసి కీలతో మూడు వరసలు, వాటి కింద బొటనవేలికి మూడు కీలు. అంకెల వరస లేదు, బాణాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాలకు దీంతో ఏ లోటూ ఉండదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు కొట్టేవాళ్లు మాత్రం ‘కొండ’ అనే చిన్న మాట దగ్గరే ఆగిపోతారు. దానికి నాలుగు కీలు కావాలి. క అక్షరం `k` మీద, సున్నా `x` మీద ఉంటాయి. ఒత్వం ఎడమ కొసన ఒకటికి పక్కనుండే బ్యాక్‌టిక్ కీ మీద, డ అక్షరం `[` మీద ఉంటాయి. ఈ చివరి రెండు కీలూ కార్న్ మీద లేవు. ‘కృష్ణ’కు కావలసిన ఋత్వం `=` మీద ఉంటుంది. అదీ లేదు.

ఈ లోటును తీర్చేవి లేయర్లు. కీబోర్డు లోపలి చిన్న చిప్‌లో నడిచే ప్రోగ్రామ్ పేరు QMK. జాక్ హంబర్ట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పని ఇది. అందులో ప్రతి కీకీ ఒక్కో లేయర్‌లో ఒక్కో అర్థం ఇవ్వొచ్చు. లేయర్లు ఒకదానిపై ఒకటి పరిచిన గాజు పలకల్లాంటివి. కీ నొక్కగానే QMK పై పలక నుంచి కిందికి చూస్తూ వస్తుంది. కీమ్యాప్‌లో `_______` అని ఉన్న చోటు ఖాళీ గాజు, చూపు అక్కణ్ణుంచి కిందికి జారుతుంది. ఏదైనా రాసి ఉంటే అక్కడే ఆగి దాన్నే కంప్యూటర్‌కు పంపుతుంది.

పంపేది అక్షరం కాదన్నది ఇక్కడ బాగా గుర్తుంచుకోవాలి. కీబోర్డు పంపేది ఒక నంబరు మాత్రమే. `KC_LBRC` అని మనం రాసేది యూఎస్‌బీ లెక్కలో 47. ఆ 47 అందినప్పుడు చతురస్ర బ్రాకెట్టు వెయ్యాలా, డ వెయ్యాలా అన్నది విండోస్ నిర్ణయిస్తుంది. అందుకే తెలుగులో ఉండగా సింబల్స్ లేయర్‌కు వెళ్లి `[` నొక్కినా డ పడుతుంది. `&` నొక్కితే క్ష పడుతుంది. కీబోర్డుకు తెలుగు రాదు, ఇంగ్లిషూ రాదు.

డ కోసం ప్రతిసారీ సింబల్స్ లేయర్ పట్టుకుని కొట్టడం కుదరదా అంటే కుదురుతుంది. కానీ రెండు, వాడు, ఉండు, కొడుకు అంటూ ప్రతి వాక్యంలోనూ వచ్చే అక్షరానికి అది శిక్ష. అందుకే తెలుగుకు విడిగా ఒక లేయర్ పెట్టుకున్నాను. అందులో మూడంటే మూడు కీలు మారతాయి, మిగతావన్నీ ఖాళీ గాజే. ఎడమ పై మూలన ఉన్న ట్యాబ్ `KC_GRV` అవుతుంది, ఒత్వం అక్కడ. కుడి పై మూల `KC_LBRC`, డ అక్కడ. కుడి కింది మూల `KC_EQL`, ఋత్వం అక్కడ. కుడి పై మూలన మామూలుగా ఉండే బ్యాక్‌స్పేస్‌ను రెండు భాషల్లోనూ కుడి బొటనవేలి కిందికి తెచ్చేశాను. భాష మారినప్పుడల్లా చెరిపే కీ చోటు మారితే చెయ్యి ఒప్పుకోదు. ట్యాబ్, ఎస్కేప్‌లకు సింబల్స్ లేయర్‌లో చోటు దొరికింది.

ఇది పెట్టగానే ‘ఒక’ అడ్డం వస్తుంది. ఒ రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ఒత్వం కీ నొక్కాలి. రెండూ ఎడమ చిటికెన వేలివే, ఒకటి పైన, ఒకటి కింద. ఒకే వేలు రెండు చోట్ల ఉండలేదు. షిఫ్ట్ కీని `OSM(MOD_LSFT)`గా మారిస్తే ఆ చిక్కు పోతుంది. దాన్ని నొక్కి వదిలేస్తే తర్వాత నొక్కే ఒక్క కీకి షిఫ్ట్ వర్తిస్తుంది. పట్టుకుని ఉంటే మామూలు షిఫ్ట్‌లాగే ఉంటుంది. ఒత్తక్షరాలకూ అచ్చులకూ షిఫ్ట్ తప్పని ఇన్‌స్క్రిప్ట్‌లో ఇది కొత్తవాళ్లు ఊహించేదానికంటే ఎక్కువ హాయి.

తెలుగు లేయర్ నంబరు కూడా ఆలోచించి ఇవ్వాలి. పెద్ద నంబరున్న లేయర్ పైన ఉంటుంది. తెలుగును సింబల్స్ కంటే పైన పెడితే దాని మూడు మూలలూ సింబల్స్‌ను కప్పేస్తాయి. ఇంగ్లిష్‌లో అన్నీ సరిగ్గా వస్తూ, తెలుగులో ఉన్నప్పుడే సరిగ్గా ఆ మూడు కీలు మొరాయిస్తుంటే వరస తప్పిందని అర్థం. నా వరస ఇది: 0 ఇంగ్లిష్, 1 తెలుగు, 2 సింబల్స్, 3 అంకెలు.

ఇక అసలు కష్టం, రెండు చోట్ల భాష మార్చాల్సి రావడం. విండోస్‌లో తెలుగు ఎంచుకోవాలి, కీబోర్డులో లేయర్ మార్చాలి. చాలామంది ఈ రెంటినీ ఒకే కీకి కట్టేస్తారు. నొక్కితే `TG`లాగా లేయర్ తిరగబడుతుంది, దాంతోపాటు విండోస్ కీ, స్పేస్ కలిపి వెళ్తాయి. వినడానికి బాగుంటుంది. ఎప్పుడో ఒకసారి మౌస్‌తో టాస్క్‌బార్‌లో భాష మార్చామంటే ఆ సంగతి కీబోర్డుకు తెలియదు. క్యాప్స్ లాక్ వంటి దీపాల సమాచారం తప్ప, ఏ భాషలో ఉన్నామో విండోస్ దానికి చెప్పదు. ఇక అక్కణ్ణుంచి ఎప్పుడూ తలకిందులే. లేయర్ తెలుగులో ఉంటే విండోస్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. డ కొట్టినచోట బ్రాకెట్టు పడితే ఇదే జరిగిందని గుర్తుపట్టొచ్చు.

కాబట్టి తిప్పే కీ వద్దు, భాషకొక కీ కావాలి. విండోస్ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్‌లో ఇంగ్లిష్‌కు కంట్రోల్, షిఫ్ట్, 1 అనీ, తెలుగుకు కంట్రోల్, షిఫ్ట్, 2 అనీ పెట్టుకోవచ్చు. ఆపైన `TO_ENG`, `TO_TEL` అని మన సొంత కీలు రెండు సృష్టించి, కీమ్యాప్ ఫైల్లోని `process_record_user`లో ఇలా రాయాలి:

```c
case TO_TEL:
  if (record->event.pressed) {
    tap_code16(C(S(KC_2)));
    layer_on(TEL);
  }
  return false;
case TO_ENG:
  if (record->event.pressed) {
    tap_code16(C(S(KC_1)));
    layer_off(TEL);
  }
  return false;
```

తెలుగు కీని ఎన్నిసార్లు నొక్కినా రెండు చోట్లా తెలుగే ఉంటుంది. మౌస్‌తో ఏం మార్చినా, కంప్యూటర్ లాక్ అయి తెరుచుకున్నా, కావలసిన భాష కీ ఒక్కసారి నొక్కితే రెండూ దారికొస్తాయి. ఏ భాషలో ఉన్నానన్నది నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ భాష కావాలో తెలిస్తే చాలు. ఈ రెండు కీలనూ సింబల్స్ లేయర్‌లో ఉంచాను, పొరపాటున వేలు తగలదు.

సింబల్స్, అంకెల లేయర్లు మాత్రం `MO` కీలతో పట్టుకుంటేనే వస్తాయి, వదిలితే పోతాయి. కీలు మిగులుతాయని కొందరు లేయర్‌ను స్పేస్‌కే తగిలిస్తారు, `LT(2, KC_SPC)` అని. కొట్టి వదిలితే స్పేస్, పట్టుకుంటే లేయర్. ఈ రెంటికీ గీత 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, మార్చుకోవచ్చు. నాకిది నచ్చలేదు. వేగంగా కొట్టేటప్పుడు బొటనవేలు కాస్త ఆలస్యంగా లేస్తే, మాటల మధ్య ఖాళీ పోయి అక్కడొక గుర్తు పడుతుంది. గీతను పెంచితే గుర్తు కావలసినచోట ఖాళీ, అక్షరం వస్తాయి. ఎంటర్‌లాంటి కీకి, అంటే ఆగి నొక్కేదానికి, `LT` బాగానే పనిచేస్తుంది. మాట మాటకూ వచ్చే స్పేస్‌ను వదిలెయ్యడమే మంచిదని నా అభిప్రాయం.

ఞ అక్షరానికి తెలుగు లేయర్‌లో చోటివ్వలేదు. అది `]` మీద షిఫ్ట్‌తో వస్తుంది, సింబల్స్ లేయర్‌లోంచి తెచ్చుకోవచ్చు. అది ఎక్కువగా కావలసింది జ్ఞకే. షిఫ్ట్ కొట్టి అంకెల లేయర్‌లో 5 నొక్కితే జ్ఞ మొత్తంగా పడుతుంది. విసర్గ కూడా అలాగే సింబల్స్‌లోని `-` మీద షిఫ్ట్‌తో ఉండిపోయింది. దుఃఖం, అంతఃపురం తరచుగా రాసేవాళ్లు తెలుగు లేయర్‌లో మరో కీని దానికి ఇచ్చుకోవచ్చు.