సూత్రం మారదు, వాక్యం మారుతుంది: భౌతికశాస్త్ర పుట అనువాదం – ఒక పరిశీలన

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవులు. తెలుగు మాధ్యమంలో చదువుకొని సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్న అభ్యర్థికి కావలసిన భౌతికశాస్త్ర పాఠం ఒక్కోసారి ఆంగ్ల గ్రంథంలోనే దొరుకుతుంది. పుటను ఫోనుతో ఫోటో తీసుకోవడం, దానిని తెలుగులోకి మార్చుకోవడం అక్కడ సహజమైన అవసరం. ఈ అనువాదంలో అందరూ అంగీకరించే నియమం ఒకటుంది: సూత్రాలూ గుర్తులూ యథాతథంగా ఉండాలి. అయితే ఆ నియమాన్ని 'సూత్రాన్ని ముట్టుకోకుండా వదిలేయడం' అని అర్థం చేసుకుంటే అనువాదం చెడుతుంది. గుర్తు మారకుండా నిలవాలంటే మొదట దానిని సరిగా చదవాలి, తరువాత దాని చుట్టూ ఉన్న వాక్యాన్ని తెలుగు క్రమంలో మళ్లీ కట్టాలి. ఈ వ్యాసం ప్రవాహుల పాఠంలోని బెర్నౌలీ సమీకరణాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ రెండు పనులను పరిశీలిస్తుంది.

గుర్తులను మార్చకూడదన్నది అనువాదకుని ఇష్టానికి వదిలిన విషయం కాదు. 1961లో ఏర్పడిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం భారతీయ భాషలలో పరిభాషా నిర్మాణానికి రూపొందించిన సూత్రాలలో ఈ విషయం స్పష్టంగా ఉంది. గణిత క్రియలలో వాడే అక్షరాలు రోమన్ లేదా గ్రీకు లిపిలోనే ఉండాలి. కొలతల సంక్షిప్తాలను బాలల పుస్తకాలలో, జనరంజక గ్రంథాలలో దేశభాషా లిపిలో రాయవచ్చు. ప్రామాణిక శాస్త్రగ్రంథాలలో మాత్రం అంతర్జాతీయ సంకేతాలే వాడాలి. అంటే ప్రాథమిక పాఠంలో 'సెం.మీ.' అన్నది దోషం కాదు, కానీ పై తరగతుల భౌతికశాస్త్రంలో cm అనే ఉండాలి. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ పాఠ్యగ్రంథాలలో వివరణ తెలుగులోనూ, సూత్రం రోమన్, గ్రీకు అక్షరాలలోనూ సాగుతుంది.

ఇక ఉదాహరణ. పుటలో ఉన్న సమీకరణం ఇది:

P + ½ρv² + ρgh = స్థిరం

ఆంగ్ల పుటలో 'స్థిరం' అన్నచోట 'కాన్‌స్టంట్' అన్న మాట ఉంటుంది. తొలి చిక్కు ఇక్కడే. సమీకరణంలో ఉన్నదంతా గుర్తు కాదు. P, ρ, v, g, h గుర్తులు కనుక మారవు. 'కాన్‌స్టంట్' సమ చిహ్నం పక్కన నిలిచిన మాట కనుక అనువదించాలి. దానికి స్థిరం, స్థిరాంకం అనే రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. గురుత్వ స్థిరాంకం వంటివి ఎక్కడైనా ఒకే విలువ గలవి. ఇక్కడి విలువ అటువంటిది కాదు. అది ఒకే ధారారేఖ వెంబడి మారదని మాత్రమే చెప్పడం ఉద్దేశం. అందువల్ల ఈ సందర్భంలో 'స్థిరం' యుక్తతరం.

రెండవ చిక్కు ఫోటోది. పుస్తకం వీపు దగ్గర కాగితం వంగినప్పుడు అక్షరాలు నొక్కుకుపోతాయి, నీడలో చిన్న గుర్తులు కలిసిపోతాయి. గ్రీకు ρ రోమన్ p వలె కనిపిస్తుంది. 10³లోని ఘాతం కిందికి దిగి 103 అవుతుంది. ఈ రెండూ ఒకే రకం దోషాలు కావు, పట్టుకునే దారులూ వేరు. ρను పీడనంగా పొరబడి ½Pv² అని రాస్తే ప్రమాణాలు సరిపోవు. సాంద్రతకు kg m⁻³, వడి వర్గానికి m² s⁻². వాటి లబ్ధం kg m⁻¹ s⁻², అంటే పాస్కల్. మొదటి పదం P కూడా పాస్కలే కనుక కూడిక చెల్లుతుంది. ρ స్థానంలో P ఉంటే రెండవ పదం పాస్కల్ కాదు, కూడికే అసాధ్యం. భౌతికశాస్త్రం లోతుగా తెలియని అనువాదకుడు కూడా ఈ పరీక్ష చేయగలడు.

10³ విషయంలో ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే ప్రమాణం మారలేదు, సంఖ్య మాత్రమే మారింది. సమతలంగా ఉన్న గొట్టంలో నీటి వడి ఒకచోట 1 m s⁻¹, మరొకచోట 3 m s⁻¹ అనుకుందాం. నీటి సాంద్రత 10³ kg m⁻³ కనుక పీడన భేదం ½ × 1000 × (9 − 1) = 4000 Pa. ఘాతం పోయి 103గా చదివితే జవాబు 412 Pa వస్తుంది. వాక్యం నిర్దోషంగా ఉంటుంది, సూత్రం నిర్దోషంగా ఉంటుంది, అభ్యర్థి జవాబు మాత్రం తప్పుతుంది. ఒక ఘనమీటరు నీరు సుమారు వెయ్యి కిలోగ్రాములన్న లోకజ్ఞానమే ఇక్కడ కాపాడాలి. పుటలోనే సాధించిన లెక్క ఉంటే దాని జవాబుతో సరిచూడడం మరింత నమ్మకమైన దారి.

మూడవ చిక్కు వాక్యానిది. ఆంగ్లంలో సమీకరణం ముందు వచ్చి, గుర్తుల వివరణ ఒక ఉపవాక్యంగా వెనుక వేలాడుతుంది. ఆ ఉపవాక్యాన్ని తెచ్చే మాటను స్థలవాచకంగా తీసుకొని 'ఎక్కడ P పీడనం' అని రాస్తే అది ప్రశ్నలా వినిపిస్తుంది. తెలుగు పాఠ్యగ్రంథాల పద్ధతి వాక్యాన్ని ముగించి, 'ఇక్కడ P పీడనం, ρ సాంద్రత, v వడి' అని కొత్త వాక్యం ఎత్తుకోవడం. v ఇక్కడ వర్గమై వస్తోంది కనుక దిశతో పనిలేదు. అందువల్ల 'వేగం' కన్న 'వడి' సరైన మాట. మూలంలో ఒకే అక్షరం ఉన్నా తెలుగులో ఈ ఎంపిక తప్పదు.

గుర్తుకు విభక్తి చేర్చినప్పుడు మరో సంగతి బయటపడుతుంది. తెలుగు ప్రత్యయం ముందున్న అచ్చును బట్టి మారుతుంది. v అన్నదానిని 'వీ' అని పలుకుతాం కనుక 'vకి, vని' అంటాం. ρ అన్నదానిని 'రో' అంటాం కనుక 'ρకు, ρను' అంటాం. లిపిలో మూగగా కనిపించే గుర్తు వ్యాకరణంలో మాట్లాడుతోందన్నమాట. అయితే v²కు ప్రత్యయం ఎలా చేర్చాలి? 'వీ స్క్వేర్' అని పలికేవారికి ఒక రూపం, 'వీ వర్గం' అనేవారికి వేరొక రూపం వస్తుంది. ముద్రణలో ఘాతం పక్కనే ప్రత్యయం చేరితే చదువరి కన్ను కూడా తడబడుతుంది. ఈ రెండు ఇబ్బందులకూ ఒకటే పరిష్కారం: గుర్తును విశేషణస్థానంలో ఉంచి ప్రత్యయాన్ని తెలుగు నామానికి చేర్చడం. 'ρ సాంద్రత గల ప్రవాహి v వడితో ప్రవహిస్తున్నప్పుడు' అన్న వాక్యంలో గుర్తులు చెక్కుచెదరలేదు, వాక్యం అచ్చమైన తెలుగు. విశేషణం విశేష్యానికి ముందుండే తెలుగు నిర్మాణమే అందుకు తోడ్పడింది.

ముద్రణ దశలోనూ జాగ్రత్త అవసరం. యూనికోడ్‌కు పూర్వపు తెలుగు ఖతులలో రోమన్ అక్షరాల స్థానాలలోనే తెలుగు ఆకృతులు ఉంటాయి. పేరా మొత్తానికి తెలుగు ఖతిని వర్తింపజేస్తే సరిగా టైపు చేసిన P కూడా ఏదో తెలుగు తునకగా మారుతుంది. ద్రవ్యరాశికి వాలు m, మీటరుకు నిటారు m అన్న భేదం కూడా ఖతి మార్పులో చెరిగిపోవచ్చు. కాబట్టి చివరి ప్రూఫును అనువాదంతో కాక మూలపుట ఫోటోతో, గుర్తు గుర్తుకూ పోల్చి చూడాలి.

ఈ పరిశీలనను బట్టి 'గుర్తులు మారకూడదు' అన్న నియమం అనువాదకుని శ్రమను తగ్గించేది కాదని తేలుతోంది. ఏది గుర్తు, ఏది మాట అని వేరుచేయడం, చదివినదానిని ప్రమాణంతోనూ పరిమాణంతోనూ పరీక్షించడం, ప్రత్యయ భారాన్ని తెలుగు నామం మీద ఉంచడం – ఈ మూడూ జరిగినప్పుడే సూత్రం నిజంగా యథాతథంగా నిలుస్తుంది. వీటిలో మొదటిదీ మూడవదీ భాషాశాస్త్ర విషయాలు. తెలుగు శాఖల అనువాద బోధనలో సాహిత్య పాఠాల సరసన ఇటువంటి పుటకు చోటివ్వడం అందువల్ల సమంజసం.